కుండీలో వంగ, టమోటా వేళ్లకు బుడిపెలు: ఆ మట్టిని మళ్లీ వాడుకోవచ్చా?

కర్నూలు, అనంతపురం, కడప వైపు మిద్దె మీద కూరగాయలు పెంచేవాళ్లు కాపు అయిపోయిన వంగ చెట్టునో టమోటా చెట్టునో పీకినప్పుడు చాలాసార్లు అడిగే ప్రశ్నలు ఇవి. మట్టి గురించిన ప్రశ్నలకే ఎక్కువ చోటు ఇచ్చాను. చెట్టు ఎలాగూ పోతుంది. మట్టి మాత్రం మిగిలి, వచ్చే పంటనూ ముంచుతుంది.

వేళ్ల మీద ఈ ముడులు ఏమిటి?

ఇవి వేరుముడి నులిపురుగుల పని. నర్సరీవాళ్లు, రైతులు వీటిని నెమటోడ్లు అంటారు. మట్టిలో ఉండే పిల్ల పురుగు మిల్లీమీటరులో సగం కూడా ఉండదు, కంటికి కనిపించదు. అది లేత వేరు కొన దగ్గర లోపలికి దూరి ఒకచోట స్థిరపడుతుంది. దాని నోటి నుంచి వచ్చే రసాల వల్ల చుట్టూ ఉన్న వేరు కణాలు మామూలుకన్నా ఎన్నో రెట్లు పెద్దవైపోతాయి. పురుగుకు తిండి వాటి నుంచే వస్తుంది. మనకు కనిపించే ముడి అంటే అలా ఉబ్బిన వేరే. పురుగు ఆ ముడి లోపల ఉంటుంది.

ఆడపురుగు అక్కడే బేరిపండు ఆకారంలో ఉబ్బి, వేరు పైభాగాన జిగురులాంటి పదార్థంలో కొన్ని వందల గుడ్లు పెడుతుంది. మట్టి వెచ్చగా ఉంటే గుడ్డు నుంచి మళ్లీ గుడ్డు దాకా సుమారు నాలుగు వారాలు పడుతుంది. మన దగ్గర చలికాలంలో తప్ప మట్టి చల్లబడేది తక్కువ కాబట్టి ఒక వంగ పంట ముగిసేలోపు కుండీలో ఎన్నో తరాలు పుట్టేస్తాయి. నాటిన కొత్తలో చెట్టు బాగానే ఉండి, మూడో నెలకు నీరసించడానికి కారణం ఇదే.

వేరుశనగ వేళ్లకూ బుడిపెలు ఉంటాయి కదా, అవి మంచివంటారు. ఇవి అవేనేమో?

అనంతపురం వైపు ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. వేరుశనగ, కంది, పెసర లాంటి పప్పుజాతి మొక్కల వేళ్లకు ఉండేవి నత్రజనిని పట్టి ఇచ్చే బ్యాక్టీరియా గూళ్లు. అవి వేరుకు పక్కన అతుక్కుని ఉంటాయి, గోటితో గీకితే ఊడి వస్తాయి, పని చేస్తున్నప్పుడు కోసి చూస్తే లోపల గులాబీ రంగు ఉంటుంది. నులిపురుగు ముడి అలా ఊడదు. వేరే ఉబ్బి ఉంటుంది కాబట్టి ముడిని లాగితే వేరు తెగుతుంది.

వంగ, టమోటా పప్పుజాతివి కావు. వాటి వేళ్ల మీద మంచి బుడిపెలు అనేవి ఉండవు. వేరు అక్కడక్కడా పూసల దండలా ఉబ్బి ఉంటే అనుమానం అక్కర్లేదు. టమోటా కాండం మీద, మట్టికి కాస్త పైన కనిపించే చిన్న గరుకు చుక్కలు మాత్రం వేరే సంగతి. అవి కొత్త వేళ్ల మొలకలు, వాటితో ఇబ్బంది లేదు.

నమ్మకం కుదరకపోతే పెద్ద ముడి ఒకటి కడిగి, బ్లేడుతో చీల్చి, భూతద్దంతో చూడండి. ఆవగింజకన్నా చిన్నవిగా, తెల్లగా మెరిసే ముత్యంలాంటి చుక్కలు కనిపిస్తే అవే ఆడపురుగులు.

చెట్టు పీకకుండా ముందే పసిగట్టడం ఎలా?

మట్టి తడిగానే ఉంటుంది, అయినా మధ్యాహ్నానికి చెట్టు వాలిపోతుంది. సాయంత్రానికి మళ్లీ లేస్తుంది. కింది ఆకులు పాలిపోతాయి, కొత్త చిగురు చిన్నగా వస్తుంది, ఎంత ఎరువేసినా తేడా ఉండదు. ఇవన్నీ కలిసి కనిపిస్తే కుండీ అంచున వేలు పెట్టి తవ్వి, రెండు సన్నవేళ్లు బయటికి తీసి చూడండి. దానికోసం చెట్టును పీకాల్సిన పని లేదు.

ఒకటి రెండు రోజుల్లోనే ఆకులు పచ్చగా ఉండగానే మొత్తం వాలిపోయి మళ్లీ లేవకపోతే అది బ్యాక్టీరియా ఎండుతెగులు కావచ్చు. కాండం అడుగు భాగం కోసి, ఆ ముక్కను గ్లాసు నీళ్లలో కదలకుండా నిలబెడితే కొద్ది నిమిషాల్లో పాలధారలాంటి తీగలు నీళ్లలోకి దిగుతాయి. ఆ తెగులు తగిలిన కుండీ మట్టిని దాచుకోవడం కోసం ఇంత కష్టపడమని నేను చెప్పను. ఒక్కోసారి రెండూ కలిసే వస్తాయి. పురుగు చేసిన గాయం గుండా తెగులు లోపలికి పోతుంది.

ఆ చెట్టు కాయలు తినొచ్చా?

తినొచ్చు. ఈ పురుగులు మొక్కల వేళ్ల మీద మాత్రమే బతుకుతాయి. పిల్లల కడుపులో వచ్చే నులిపురుగులతో వీటికి సంబంధం లేదు. పేరు విని టెన్షన్ పడకండి.

చెట్టు ఇంకా కాస్తోంది. ఇప్పుడే పీకేయాలా?

వేరులో ఉన్న పురుగును బయటికి రప్పించే మందు మనలాంటి ఇంటి తోటలవాళ్లకు లేదు. చెట్టు బాగుపడదు గానీ కొన్నాళ్లు బండి లాగించవచ్చు. పైన రెండు వేళ్ల మందాన పశువుల ఎరువు వేసి, ఎండు ఆకు కప్పి, నీళ్లు ఒకేసారి ఎక్కువ పోయకుండా రోజుకు రెండుసార్లు కొద్దికొద్దిగా ఇస్తే ఆ కొత్త పొరలో కొన్ని మంచి వేళ్లు పుడతాయి. కుండీ కింద పళ్లెం పెట్టండి. అడుగు రంధ్రం నుంచి కారే నీళ్లు పక్క కుండీలోకి పోకూడదు.

ఒక చెట్టు వారానికి నాలుగు కాయలు ఇస్తుంటే ఉంచుకోండి. చిన్న కాయ ఒకటి వేలాడుతోందని మాత్రం ఉంచకండి. అది బతికున్నన్ని రోజులూ మట్టిలో గుడ్లు పెరుగుతూనే ఉంటాయి.

అసలు నా కుండీలోకి ఎలా వచ్చాయి?

ఎక్కువగా రెండు దారుల్లో వస్తాయి. ఒకటి నారు. మట్టి మడిలో పెంచిన నారుతో పురుగు కూడా ఇంటికి వస్తుంది. కొబ్బరిపొట్టు ట్రేల్లో పెంచిన నారు అయితే ఆ భయం చాలా తక్కువ. రెండోది పొలం నుంచి తెచ్చిన ఎర్రమట్టి. నులిపురుగులకు గుల్లగా ఉండే ఇసుకపాలు మట్టి ఇష్టం, నల్లరేగడిలో అంత తేలిగ్గా తిరగలేవు. టమోటా, బెండ, దోస వేసిన చేను నుంచో, దానిమ్మ తోట నుంచో తెచ్చిన ఎర్రమట్టి అయితే అందులో పురుగు ఉండే అవకాశం ఎక్కువ. ఎరువు మంచిదే అయినా ఆ మట్టి వల్ల దెబ్బతింటాం.

మట్టి పారేసి కొత్తది తెచ్చుకుంటే పోదా?

ఒకే కుండీ అయితే అదీ ఒక మార్గమే. కానీ కొత్త మట్టి కూడా ఇంకో చేనిదే కదా. అందులో పురుగు లేదని ఎవరు చెప్పగలరు? పైగా పాత మట్టిని పెరట్లో పారబోస్తే పురుగు నేలలోకి చేరుతుంది. కుండీలో నుంచి తీయడం సులువు, నేల నుంచి తీయడం దాదాపు కాని పని. అందుకే నా సలహా: మట్టిని పారేయొద్దు, వేడి చేసి వాడుకోండి. ఆ వేడి కోసం మనం పెద్దగా ఖర్చు పెట్టాల్సిన పని కూడా లేదు.

ఏప్రిల్, మే ఎండకు మిద్దె మీద ఆరబోస్తే చాలదా? మన ఎండకు ఏ పురుగు బతుకుతుంది?

అందరూ చేసేది ఇదే, సగమే పని చేసేదీ ఇదే. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ అయినా ఆరబోసిన మట్టిలో గుడ్లు కొన్ని మిగిలిపోతాయి. దీనికి రెండు కారణాలు.

మొదటిది, గుడ్ల చుట్టూ ఉన్న జిగురు. మట్టి మెల్లగా ఎండేకొద్దీ ఆ జిగురు గట్టిపడి లోపలి గుడ్లను కాపాడుతుంది. మళ్లీ తడి తగిలినప్పుడు అవి పొదుగుతాయి. వేరు ముక్కల లోపల ఉన్నవి ఇంకా భద్రంగా ఉంటాయి.

రెండోది, పొడి మట్టిలో వేడి లోపలికి సరిగా పోదు. పైన చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, నాలుగు వేళ్ల లోతున గోరువెచ్చగా ఉంటుంది. బయట గాలి 42 డిగ్రీలు ఉందంటే మట్టి లోపల పురుగు చచ్చినట్టు కాదు. ఆ 42 డిగ్రీల దగ్గర అది చావాలంటే అరరోజుకు పైగా ఏకధాటిగా అదే వేడి తగలాలి, మన ఎండ అలా ఉండదు, సాయంత్రానికి దిగిపోతుంది. అదే తడి మట్టిలో 50 దాటితే కొద్ది గంటలు చాలు. 60 దగ్గర అరగంట నిలిస్తే గుడ్లతో సహా పోతాయి.

అంటే కావాల్సింది తడి మట్టి, పలుచని పొర, వేడిని లోపల బంధించే పారదర్శకమైన ప్లాస్టిక్. ఈ మూడూ కలిస్తేనే మన ఎండ పనికొస్తుంది.

సరే, ఒక కుండీ మట్టితో మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయాలి?

కర్నూలులో ఒక మిద్దె మీద 12 అంగుళాల కుండీ ఒకటి ఉందనుకోండి, ఏప్రిల్ మొదటి వారంలో వంగ చెట్టు పీకారు. అందులో సుమారు 18 లీటర్ల మట్టి ఉంటుంది.

ముందు వేరు తీయాలి. కాండం పట్టుకుని లాగేస్తే సన్నవేళ్లన్నీ తెగి మట్టిలోనే ఉండిపోతాయి. కుండీని పాత షీటు మీద బోర్లించి, గడ్డను చేత్తో విప్పి, తర్వాత మట్టినంతా ఇసుక జల్లెడలో జల్లించండి. విసుగు పుట్టించే పని ఇదే, దీన్ని వదిలేస్తే మిగతాదంతా సగమే ఫలిస్తుంది. వేళ్లను కంపోస్టు గుంతలో వేయొద్దు. ఇంటి కంపోస్టు సాధారణంగా అంత వేడెక్కదు. ఎండబెట్టి పొయ్యిలో కాల్చేయండి.

తర్వాత తడి. మట్టి మీద నీళ్లు చల్లుతూ కలపండి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు. ఎండిపోయిన మట్టికి రెండు లీటర్ల దాకా పట్టొచ్చు. అలా తడిపి ఒక రాత్రి వదిలేస్తే నిద్రావస్థలో ఉన్న పురుగు కూడా మేలుకుంటుంది. మేలుకున్న పురుగు వేడికి తొందరగా చస్తుంది.

మరుసటి రోజు ఆ మట్టిని పారదర్శకమైన పాలిథిన్ సంచిలో నింపి మూతి కట్టి, మిద్దె మీద పడుకోబెట్టి నాలుగు అంగుళాల మందానికి సమంగా పరచండి. 18 లీటర్లకు అడుగున్నర పొడవు, అంతకు కాస్త తక్కువ వెడల్పు వస్తుంది. సంచి కింద పాత థర్మాకోల్ గానీ మడతపెట్టిన గోనెసంచి గానీ వేస్తే వేడి స్లాబులోకి గుంజుకుపోదు. సంచి పైన రెండు మూడు కర్రముక్కలు పెట్టి, వాటి మీదుగా ఇంకో పారదర్శకమైన షీటు కప్పి అంచులకు ఇటుకలు పెట్టండి. రెండు ప్లాస్టిక్‌ల మధ్య ఉండే ఆ కాస్త గాలి సందు వేడిని బాగా పెంచుతుంది. నల్ల షీటు వద్దు. దాని పైభాగం కాలుతుంది గానీ ఎండ మట్టి దాకా చేరదు.

వారానికోసారి సంచిని తిప్పి పరచండి. అంచుల్లో ఉండే మట్టి ఎప్పుడూ మధ్యలో ఉన్నదానికన్నా తక్కువ వేడెక్కుతుంది. ఇలా మూడు నాలుగు వారాలు. సంచి చిల్లు పడి మట్టి ఎండిపోతే మళ్లీ తడిపి, కొత్త సంచిలోకి మార్చాలి.

నాలుగు అంగుళాలే ఎందుకు? కుండీకే కవర్ కట్టేస్తే?

కుండీ లోతు అడుగు. పైన నాలుగు వేళ్లు కాలుతుంది, మధ్యలో గడ్డ చల్లగా మిగులుతుంది. పురుగు ఉండేది వేళ్లున్న ఆ మధ్యలోనే.

సరిపడా వేడెక్కిందో లేదో ఎలా తెలుస్తుంది?

వంటకు వాడే పొడుగు కడ్డీ డిజిటల్ థర్మామీటరు కొనుక్కోండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య సంచిలో సరిగ్గా మధ్యకు గుచ్చి చూసి, ఆ చిల్లును టేపుతో మూసేయండి. 60 చూపించి గంట నిలిస్తే ఆ ఒక్క రోజే పెద్ద పని అయినట్టు. 50 పైన రోజూ తగులుతుంటే మూడు నాలుగు వారాలకు ధైర్యంగా ఉండొచ్చు. 45 దాటకపోతే ఏదో లోపం ఉంది: పొర మందంగా ఉండొచ్చు, మట్టి పొడిబారి ఉండొచ్చు, లేదా వాటర్ ట్యాంకు నీడ పడుతుండొచ్చు. ఈ చివరిది చాలామంది గమనించరు.

నేను చెట్టు పీకింది ఆగస్టులో. ఎండాకాలం దాకా ఆగాలా?

ఎక్కువ మట్టి ఉంటే ఆగడమే మేలు. సంచుల్లో కట్టి పక్కన పెట్టండి. అందులో కలుపు కూడా మొలవకూడదు, కలుపు వేళ్ల మీదా ఈ పురుగు బతుకుతుంది. ఊరికే ఉంచితే సంఖ్య తగ్గుతుంది గానీ గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి కాబట్టి ఆ మట్టి బాగుపడిందనుకోవద్దు.

ఒక బకెట్టు మట్టే అయితే ఆవిరి పట్టొచ్చు. పాత పెద్ద గిన్నెలో అడుగున నీళ్లు పోసి, ఇడ్లీ పెట్టినట్టే పైన జల్లిపళ్లెంలో తడి మట్టి పెట్టి మూత వేయండి. మట్టి మధ్యలో 60 డిగ్రీలు వచ్చాక అరగంట ఉంచి దించేయండి. 80 దాటనివ్వకండి. మరీ ఉడికితే మట్టిలో అమ్మోనియా, మాంగనీసు పెరిగి లేత మొక్కను కాల్చేస్తాయి. ఇంట్లో చేయొద్దు, ఆ వాసన వంటింట్లో రెండు రోజులు వదలదు. ఆ గిన్నెను మళ్లీ వంటకు వాడొద్దు.

పురుగు పోయిందని ఖాయంగా ఎలా తెలుసుకోవాలి?

మొక్కతోనే అడిగించాలి. వేడి చేసిన మట్టిలో నుంచి నాలుగైదు చోట్ల కొంచెం కొంచెం తీసి ఒక చిన్న కుండీ నింపండి. పక్కనే ఇంకో చిన్న కుండీలో కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు కలిపి నింపండి. రెండింటిలోనూ ఒకే ప్యాకెట్ నుంచి టమోటా గింజలు వేయండి. దోస వేసినా పర్లేదు, దాని వేళ్ల మీద ముడులు ఇంకా త్వరగా కనిపిస్తాయి. ఐదారు వారాల తర్వాత రెండూ పీకి, బకెట్టు నీళ్లలో ఊపి కడిగి, వేళ్లను తెల్ల కాగితం మీద పక్కపక్కన పరచి చూడండి.

రెండూ నునుపుగా ఉంటే ఆ మట్టిలో వంగ వేసుకోవచ్చు. వేడి చేసిన మట్టిలోని మొక్కకు ఒకటి రెండు చిన్న ముడులు ఉంటే పురుగు తగ్గింది గానీ పోలేదు. అందులో బంతో నువ్వులో వేసి, వచ్చే ఎండాకాలం మళ్లీ వేడి చేయండి. కొబ్బరిపొట్టులో పెరిగిన మొక్కకే ముడులు వచ్చాయంటే పరీక్షలోనే తేడా జరిగింది, కుండీ సరిగా కడగలేదేమో చూడండి.

ఈ పరీక్షను వేడి చేయకముందు అనుమానం ఉన్న కొత్త ఎర్రమట్టికి కూడా వాడుకోవచ్చు. ట్రాక్టరు మట్టి దింపించుకునే ముందు ఒక సంచి తెచ్చి పరీక్షిస్తే చాలా కష్టం తప్పుతుంది.

వేపపిండి కలిపితే సరిపోదా? బంతిపూలు వేస్తే పోతాయంటారు?

వేపపిండి మంచిదే, కానీ వేడి చేసిన తర్వాత. పది కిలోల మట్టికి 50 గ్రాములు కలిపి, తడిపి, రెండు వారాలు ఆగి నాటితే మిగిలిన కొద్ది పురుగును అణచి ఉంచుతుంది. నిండా ముడులున్న మట్టిలో వేపపిండి ఒక్కటే వేసి వంగ నాటితే చెట్టు కొంచెం ఆలస్యంగా దెబ్బతింటుంది, అంతే. గుప్పెళ్లకు గుప్పెళ్లు వేసి వెంటనే నాటితే లేత వేరు మాడుతుంది.

వేడికి మట్టిలోని మంచి సూక్ష్మజీవులు కూడా తగ్గుతాయి కాబట్టి వర్మీకంపోస్టు, ట్రైకోడెర్మా పొడి కలపండి. నులిపురుగు గుడ్లను తినే పర్పురియోసిలియం లిలాసినం అనే బూజు పొడి కూడా మార్కెట్లో ఉంది, పాత ప్యాకెట్ల మీద పేసిలోమైసిస్ అని ఉంటుంది. కొనేముందు తయారీ తేదీ చూడండి. ఎండలో దుకాణం ముందు నిలవున్న ప్యాకెట్‌లో బతికున్నది ఏమీ ఉండదు.

బంతి సంగతి వేరు. వంగ పక్కన ఒక బంతి మొక్క నాటితే ప్రయోజనం దాదాపు ఉండదు. ఆ కుండీలో బంతి మాత్రమే, ఒత్తుగా, రెండు మూడు నెలలు పెంచితే అప్పుడు పురుగు తగ్గుతుంది. దాని వేళ్లలోకి దూరిన పిల్ల పురుగులు పెరగలేవు. దసరాకి పూలూ వస్తాయి.

పొలాల్లో వేసే గుళికలు కొంచెం వేస్తే?

వద్దు. కార్బోఫ్యురాన్ లాంటి గుళికలు మనుషులకూ పక్షులకూ తీవ్రమైన విషం. పిల్లలు తిరిగే మిద్దె మీద, వారం వారం కోసుకు తినే కూరగాయల కుండీలో వాటికి చోటు లేదు.

నులిపురుగు తట్టుకునే టమోటా విత్తనం వేస్తే?

అలాంటి రకాలు ఉన్నాయి, కానీ మన ఊళ్లకు ఒక చిక్కు. టమోటాకు ఈ పురుగును తట్టుకునే గుణం ఇచ్చే ఎంఐ అనే జన్యువు మట్టి వేడి 28 డిగ్రీలు దాటితే సరిగా పని చేయదు. మిద్దె మీద కుండీ మట్టి ఫిబ్రవరి నుంచే మధ్యాహ్నాలు అది దాటేస్తుంది. నవంబరు, డిసెంబరు పంటకైతే పనికొస్తుంది.

వంగకు ఇంతకన్నా మంచి దారి ఉస్తికాయ చెట్టు వేరు మీద కట్టిన అంటు మొక్క. ఉస్తి వేరు ఈ పురుగును బాగా తట్టుకుంటుంది. అంటు దొరక్కపోతే దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. అనంతపురానికి రెడ్డిపల్లిలో, కడపకు ఊటుకూరులో, కర్నూలు జిల్లాకు బనవాసిలో ఉన్నాయి. నాటేటప్పుడు అంటు అతుకు మట్టిలో మునగకూడదు. మునిగితే పైనున్న వంగ కాండమే వేళ్లు వేస్తుంది, పురుగు వాటిని పట్టుకుంటుంది.

కుండీ, తాపీ, జల్లెడ ఏం చేయాలి?

మట్టి ఆనవాలు లేకుండా బ్రష్‌తో రుద్ది కడిగి, మూడు నాలుగు రోజులు గట్టి ఎండలో బోర్లించండి. మట్టి లేని ఖాళీ కుండీ గోడ మీద పురుగు ఎండకు నిలవదు. మట్టి కుండీ అయితే అడుగు రంధ్రంలో ఇరుక్కున్న వేరు ముక్కలను పుల్లతో తీసేయండి.